అశోకుడి తేదీలు ఎలా లెక్కగడతారు? శిలాశాసనం నుంచి "సుమారు క్రీ.పూ. 268" దాకా

మా అమ్మమ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1, 1950. ఆమె ఆ రోజు పుట్టలేదని ఇంట్లో అందరికీ తెలుసు. కార్డు రాసినాయన "ఎన్నేళ్లుంటాయమ్మా?" అని అడిగి, ఆమె మొహం చూసి, ఓ అంకె వేసేశాడు. అసలు సంగతి అడిగితే అమ్మమ్మ ఇలా చెబుతుంది: "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మీ చిన్నమావయ్య ఒళ్లో పాలు తాగే పిల్లాడు. వాడు నాకు నాలుగో కాన్పు." ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. మావయ్య అంతకు కొన్ని నెలల ముందు పుట్టి ఉంటాడు. కాన్పుకీ కాన్పుకీ రెండేళ్ల ఎడం వేసుకుంటే మొదటి బిడ్డ 1970 ప్రాంతంలో పుట్టి ఉండాలి. తొలికాన్పు నాటికి అమ్మమ్మకి పదహారు పదిహేడు ఉంటే ఆమె పుట్టింది 1953, 54 అవుతుంది. కార్డులోది అంకె, ఇది లెక్క. లెక్కలో రెండు మూడేళ్లు అటూ ఇటూ కావచ్చు, కానీ ఎక్కడ తప్పు పట్టాలో తెలుస్తుంది.

అశోకుడి గురించి వెతికితే "జననం క్రీ.పూ. 304, పాలన క్రీ.పూ. 268 నుంచి 232" అని కనిపిస్తుంది. ఇందులో 268 లెక్క, 304 దాదాపు ఆధార్ తేదీ. ఆ తేడా మీరే పట్టుకోవాలంటే కాగితం, పెన్ను తీసుకుని ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి. పండితులు చేసే పని కూడా ఇదే. వాళ్లకు గ్రీకు, పాళీ, ప్రాకృతం వచ్చు, మనకు రాకపోయినా కూడికలూ తీసివేతలూ మనకు సరిపోతాయి.

మొదలుపెట్టే ముందు: రాజు తన గురించి ఏం చెప్పాడు?

అశోకుడి శాసనాల్లో క్రీస్తుపూర్వం అన్న మాట ఎలాగూ ఉండదు. అసలు చిక్కేమిటంటే, శక సంవత్సరం, విక్రమ సంవత్సరం లాంటి నడుస్తున్న శకం కూడా వాటిలో లేదు. ఆయన కాలాన్ని ఒకే ఒక్క కొలతతో చెబుతాడు: "అభిషేకం జరిగి ఇన్నేళ్లకి." ఎనిమిదేళ్లకి కళింగను గెలిచానన్నాడు. పన్నెండేళ్లకి ధర్మలిపి రాయించానన్నాడు. పదమూడేళ్లకి ధర్మమహామాత్రులను నియమించానన్నాడు. స్తంభశాసనాల్లో ఇరవై ఆరు, ఇరవై ఏడు దాకా వస్తాడు.

అంటే మన చేతిలో ఒక టేపు ఉంది, దాని మీద 0 నుంచి 27 దాకా గీతలున్నాయి. కానీ ఆ సున్నా ఏ గోడకు ఆనించాలో తెలియదు. ప్రాచీన రాజుల తేదీలు "సుమారు"గా ఉండటానికి మొదటి కారణం ఇదే. లోపలి దూరాలు బాగా తెలుసు, బయట ఎక్కడ అతికించాలో తెలియదు. కాబట్టి మిగతా పనంతా సున్నాను ఎక్కడ పెట్టాలన్నదాని కోసమే.

ఇక్కడో చిన్న జాగ్రత్త. మనం పిల్లాడి వయసు చెప్పేటప్పుడు "పదేళ్లు నిండాయి" అంటాం, "పదకొండో ఏడు నడుస్తోంది" అనీ అంటాం. రెండూ ఒకటే. శాసనంలో "పన్నెండేళ్ల అభిషేకం అయినవాడు" అన్న మాటను నిండిన పన్నెండుగా తీసుకోవాలా, నడుస్తున్న పన్నెండుగా తీసుకోవాలా అన్న దగ్గరే ఒక ఏడాది తేడా వస్తుంది. ఎక్కువమంది నిండిన ఏళ్లుగానే తీసుకుంటారు. నేనూ అదే చేస్తాను. చివర్లో ఒక ఏడాది అటూ ఇటూ అన్నప్పుడు మాత్రం ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి మెట్టు: ఈ రాజు ఆ రాజేనా?

తేదీ వెయ్యబోయే ముందు మనిషి ఎవరో తేల్చాలి. శాసనాలు చాలావరకు "దేవానాంపియ పియదసి" అంటాయి తప్ప అశోకుడు అనవు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విప్పినప్పుడు ఈ పియదసి సింహళ రాజేమో అనుకున్నాడు. శ్రీలంకలో పనిచేస్తున్న జార్జ్ టర్నర్ పాళీ గ్రంథం దీపవంశంలో అశోకుడికి పియదస్సి అన్న పేరుందని చూపించాక ఆ అనుమానం తీరింది. 1915లో రాయచూరు జిల్లా మస్కిలో దొరికిన చిన్న శాసనంలో "అశోక" అన్న పేరే ఉండటంతో సందేహానికి చోటు లేకుండా పోయింది.

తేదీల్లో వచ్చే పెద్ద తప్పులు సాధారణంగా కూడికల్లో రావు, ఇక్కడే వస్తాయి. ఒక పేరున్న ఇద్దరిని ఒకడనుకున్నా, ఒకడిని ఇద్దరనుకున్నా ఆ తర్వాత ఎంత శ్రద్ధగా లెక్క కట్టినా ఉపయోగం లేదు.

రెండో మెట్టు: బయటివాళ్ల గడియారం వెతకడం

అమ్మమ్మకు ఉప్పెన ఎలాగో, అశోకుడికి పదమూడో శిలాశాసనం అలాగ. కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడ్డ శాసనం అదే. అందులోనే, ధర్మవిజయం తన సరిహద్దులు దాటి చాలా దూరం వెళ్లిందని చెబుతూ అయిదుగురు యవన రాజుల పేర్లు చెప్పాడు: అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర. (కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్ట మీది బండలపై ఈ శాసనాల వరుస ఉంది. అటు వెళ్తే చూడండి. ఎండ దిగాక వెళ్తే అక్షరాలు నీడలో బాగా తేలతాయి.)

ఒక్క రాజు పేరైతే ఆయన ఏలిన ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా కావచ్చు. అయిదుగురి పేర్లు ఒకే వాక్యంలో ఉన్నాయి కాబట్టి అయిదుగురూ ఒకేసారి సింహాసనాల మీద ఉన్న కాలాన్నే వెతకాలి. కాగితం మీద అయిదు అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి గీయండి. క్రీస్తుపూర్వం కాబట్టి అంకెలు వెనక్కి నడుస్తాయి. ఎడమ పక్క 290, కుడి పక్క 235 పెట్టుకోండి.

తురమాయ అంటే ఈజిప్టును ఏలిన రెండో టాలెమీ. ఆయన 246లో చనిపోయాడు, అంతకుముందు ముప్పై ఏడేళ్లకు పైగా ఏలాడు. అంతికిని మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనటాస్, 270ల నుంచి 239 దాకా. ఈ ఇద్దరి గీతలు పొడవుగా ఉంటాయి, కాబట్టి మన పనిలో వీళ్లు పెద్దగా సాయం చెయ్యరు. పని చేసేవి మిగతా మూడు గీతలే.

అలికసుదర ఎవరో ఇద్దరిలో ఒకరు. ఎపిరస్ రాజు అలెగ్జాండర్ అయితే, తండ్రి పిరస్ 272లో ఆర్గోస్ వీధుల్లో చనిపోయాకే గద్దెక్కాడు. కొరింత్ అలెగ్జాండర్ అయితే 250ల చివర్లో గానీ స్వతంత్రుడు కాలేదు. ఎక్కువమంది ఎపిరస్ వైపే ఉన్నారు. నేనూ అంతే, ఎందుకంటే మిగతా నలుగురూ సొంత రాజ్యాలున్న రాజులు. వాళ్ల పక్కన ఒక నగరాన్ని పట్టుకుని తిరగబడ్డవాడి పేరు పాటలీపుత్రం దాకా వచ్చి ఉంటుందనుకోవడం కష్టం. ఎపిరస్ ఒప్పుకుంటే శాసనం 272 కంటే ముందుది కాదు.

మక అంటే ఇప్పటి లిబియాలో ఉన్న సైరీన్ నగరాన్ని ఏలిన మగాస్. ఈయన యాభై ఏళ్లు ఏలాడని గ్రీకు రచనల్లో ఉంది. ఏలుబడి మొదలైంది సుమారు 300లో కాబట్టి చావు సుమారు 250 అని లెక్క. అంటే అశోకుడికి సాక్ష్యమిచ్చేవాడి తేదీ కూడా ఇలాగే కూడికతోనే వచ్చింది. 258లోనే పోయాడన్నవాళ్లూ ఉన్నారు. ప్రస్తుతానికి 250 రాసుకుందాం. శాసనం దాని తర్వాత చాలా ఏళ్లకు చెక్కి ఉండకూడదు. చావు కబురు చేరడానికి ఒక ఏడాది గడువిద్దాం.

ఇక అంతియోక. సిరియా రాజ్యంలో ఆ పేరున్న తండ్రీకొడుకులు వరుసగా ఏలారు. మొదటి ఆంటియోకస్ 281 నుంచి 261 దాకా, రెండోవాడు 261 నుంచి 246 దాకా. శాసనం ఎవరో చెప్పదు.

ఇంతకీ ఈ 261 ఎంత గట్టిది? చాలా గట్టిది. బాబిలోన్‌లో పూజారులు మట్టిపలకల మీద ఏ రాత్రి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో, వరదెంత వచ్చిందో, బార్లీ ధర ఎంతో రాసిపెట్టేవారు. వాటి మధ్యలోనే రాజుల సంగతులూ రాసేవారు. అలెగ్జాండర్ చక్రవర్తి చనిపోయిన రోజు పలకలో ఉన్నది ఇంతే: రాజు చనిపోయాడు, మబ్బులు. మబ్బులెందుకంటే ఆ రాత్రి ఆకాశం కనబడలేదని. గ్రహాల స్థానాలను ఇవాళ వెనక్కి లెక్కగట్టగలం కాబట్టి ఆ పలకల తేదీలు రోజుతో సహా తేలతాయి. అలెగ్జాండర్ మరణం 323 జూన్ 11 అని అంత ధీమాగా చెప్పేది అందుకే. మొదటి ఆంటియోకస్ చావు కూడా ఇలాగే బాబిలోన్ పలకల సాయంతో 261 జూన్ మొదటి రోజులకు తేలింది. అశోకుడి తేదీకి చివరి ఆధారం పాటలీపుత్రంలో కాదు, యూఫ్రటీస్ ఒడ్డున చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్నవాళ్ల దగ్గరుంది.

మూడో మెట్టు: వెనక్కి జరపడం

ఇప్పుడు కాగితం చూడండి. అయిదు గీతలూ ఒకదాని కింద ఒకటి ఉన్న చోటు 272 నుంచి 250 దాకా. అంతియోకను కొడుకుగా తీసుకుంటే 261 నుంచి 250 దాకా.

ఈ శాసనం అభిషేకం నుంచి ఎన్నో ఏటిది? ఇందులో తేదీ లేదు, ఎనిమిదేళ్లు అన్న మాట కళింగ యుద్ధానికే. కానీ ఇది ఒకే వరుసలో చెక్కిన పద్నాలుగింటిలో ఒకటి. ఆ వరుసలోని అయిదో శాసనంలో పదమూడేళ్ల మాట ఉంది. కాబట్టి ఇది పదమూడుకు తక్కువ కాదు. దూతలు వెళ్లి రావడానికి పట్టే కాలం ఎలాగూ అందులోనే కలిసిపోతుంది. పదమూడు వేసుకుందాం.

క్రీస్తుపూర్వంలో వెనక్కి వెళ్లాలంటే కూడాలి. మొదట్లో అందరూ ఇక్కడ తీసివేసి తప్పు చేస్తారు. నేనూ చేశాను. 272కి 13 కలిపితే 285. 250కి 13 కలిపితే 263, కబురు ఆలస్యమైన ఏడాది తీసేస్తే 262. అంటే అభిషేకం 285కూ 262కూ మధ్య జరిగింది. రెండో ఆంటియోకస్ అయితే 274కూ 262కూ మధ్య.

ఇరవై మూడేళ్ల వెడల్పు ఉన్న కిటికీ చాలా పెద్దది. ఇక్కడితో ఆగితే 268 అనడానికి లేదు. రెండో దారి వెతకాలి.

నాలుగో మెట్టు: తాత దగ్గర నుంచి ముందుకు నడవడం

ఇది పూర్తిగా వేరే దారి, వేరే సాక్షులతో. అశోకుడి తాత చంద్రగుప్త మౌర్యుడు. గ్రీకు రచనల్లోని సాండ్రకోటస్ ఈయనేనని 1793లో విలియం జోన్స్ చెప్పాడు. ఆ గుర్తింపు ఇప్పటికీ నిలిచింది. భారత చరిత్రకు గ్రీకు గడియారాన్ని మొదట తగిలించింది అదే.

చంద్రగుప్తుడు ఎప్పుడు గద్దెక్కాడు? అలెగ్జాండర్ 326లో పంజాబులో ఉన్నప్పుడు గంగ ఒడ్డున ఏలుతున్నది వేరే రాజని, అంటే నందుడని అతనికి చెప్పారు. కాబట్టి 325 కంటే ముందు కాదు. రోమన్ చరిత్రకారుడు జస్టిన్, అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ తన భావి వైభవానికి పునాదులు వేసుకుంటున్న కాలంలో సాండ్రకోటస్ రాజ్యం సంపాదించాడంటాడు. సెల్యూకస్ బాబిలోన్‌ను తిరిగి పట్టుకున్నది 312లో. ఆ మాటను అక్షరాలా పట్టుకుంటే 312 కంటే తర్వాత కాదు. ఇంకో సరిచూపు: ఈ ఇద్దరూ తర్వాత సంధి చేసుకున్నారు, సెల్యూకస్ అయిదు వందల ఏనుగులు పుచ్చుకుని సరిహద్దు ప్రాంతాలు వదులుకున్నాడు. ఆ ఏనుగులతోనే 301లో ఇప్సస్ యుద్ధం చేశాడు. అంటే 303 ప్రాంతంలో చంద్రగుప్తుడు ఇంకా ఏలుతున్నాడు.

ఇప్పుడు ఎన్నేళ్లు ఏలారో కావాలి. పురాణాలు చంద్రగుప్తుడికి 24, అశోకుడి తండ్రి బిందుసారుడికి 25 ఇస్తాయి. సింహళ గ్రంథాలు 24, 28 ఇస్తాయి. పైగా, తండ్రి పోయాక నాలుగేళ్లకు గానీ అశోకుడికి అభిషేకం కాలేదంటాయి. ఎవరిని నమ్మాలి? ఒక్కరినే నమ్మక్కర్లేదు. అతి తక్కువ, అతి ఎక్కువ రెండూ పట్టుకుంటే చాలు. అతి తక్కువ 24కి 25 కలిపి 49. అతి ఎక్కువ 24, 28, 4 కలిపి 56.

ఈసారి ముందుకు నడుస్తున్నాం కాబట్టి తీసివేత. 325లో మొదలై 49 ఏళ్లు అయితే 276. 312లో మొదలై 56 ఏళ్లు అయితే 256. అభిషేకం 276కూ 256కూ మధ్య.

రెండు కిటికీలనూ ఒకదాని మీద ఒకటి పెట్టండి. యవన రాజుల దారిలో 285 నుంచి 262. తాత దారిలో 276 నుంచి 256. రెండూ ఒప్పుకునేది 276 నుంచి 262 దాకా. దీని నడిమి 269. అంతియోకను రెండోవాడిగా తీసుకుంటే 274 నుంచి 262, నడిమి 268.

పుస్తకాల్లో కనిపించే 269, 268 ఈ చోటునే పడతాయి. పండితులు ఇంకా సన్నటి వాదాలతో కిటికీని ఇరుకు చేస్తారు, ఒక్కొక్కరు ఒక్కోలా. కానీ ఎముక ఇదే. ఇద్దరు ఒకరినొకరు ఎరగని సాక్షులు ఒకే చోటు చూపించారు కాబట్టి ఆ చోటుకు బలం. "సుమారు" అన్న మాటకు ఇక్కడ అర్థం "ఎవరికీ తెలియదు" అని కాదు, "ఆరేడేళ్లు అటూ ఇటూ" అని.

269/268 అన్న గీతెందుకు?

అభిషేకపు ఏడాది జనవరిలో మొదలవదు. మన ఉగాది ఏడాది రెండు ఇంగ్లీషు ఏళ్ల మీద కూర్చుంటుంది కదా, అలాగే. అందుకే జాగ్రత్తపరులు గీత పెట్టి రెండు అంకెలూ రాస్తారు. దాని నుంచి వచ్చేవాటికీ అదే గీత. అభిషేకం 269/268 అయితే, ఎనిమిదేళ్లు నిండాక కళింగ యుద్ధం 261/260. బడిలో మనం బట్టీపట్టిన "కళింగ యుద్ధం క్రీ.పూ. 261" ఇలా వచ్చింది. దానికి సొంత కాళ్లు లేవు. అభిషేకం మూడేళ్లు జరిగితే యుద్ధమూ మూడేళ్లు జరుగుతుంది.

పాలన ముగింపు కూడా అలాంటిదే. పురాణాలు అశోకుడికి 36 ఏళ్లిస్తాయి, సింహళ గ్రంథాలు 37. అభిషేకం నుంచి 36 లెక్కేస్తే 232. తండ్రి చావు నుంచి లెక్కేస్తే 236. ఒక పుస్తకంలో 273 నుంచి 232 అని, ఇంకో పుస్తకంలో 268 నుంచి 232 అని చూసి మా మేనల్లుడు ఒకటి తప్పు అనుకున్నాడు. రెండూ ఒకే లెక్క. మొదటిది బిందుసారుడి చావు నుంచి, రెండోది అభిషేకం నుంచి మొదలుపెట్టింది, అంతే. వాడు క్విజ్‌లో 273 రాస్తే మార్కు పోయింది. అడిగినవాళ్ల దగ్గర కీ పేపరులో 268 ఉందట.

అయిదో మెట్టు: పుట్టుక

పుట్టిన ఏడాది గురించి ఏ శాసనమూ ఒక్క ముక్క చెప్పదు. ఆ కాలంలో రాజు పుట్టుకకు రాజకీయంగా విలువ లేదు, అభిషేకానికే ఉంది. కాబట్టి అమ్మమ్మ పద్ధతే గతి: పిల్లల వయసు పట్టుకుని వెనక్కి వెళ్లడం.

సింహళ గ్రంథాల ప్రకారం అశోకుడి కొడుకు మహిందుడు ఇరవయ్యో ఏట సన్యాసం తీసుకున్నాడు. అది అశోకుడి అభిషేకం అయిన ఆరో ఏట. ఇరవైలోంచి ఆరు తీస్తే పద్నాలుగు. అంటే అభిషేకానికి పద్నాలుగేళ్ల ముందు మహిందుడు పుట్టాడు. 268కి 14 కలిపితే 282. అప్పటికి అశోకుడు ఉజ్జయినిలో తండ్రి తరఫున పాలన చూస్తున్న యువరాజు. విదిశకు చెందిన దేవి అనే ఆమెను చేసుకున్నాడు. ఒక ప్రాంతాన్ని అప్పగించారంటే మరీ పసివాడు కాదు, ఇరవై ఉండొచ్చు, ముప్పై కూడా ఉండొచ్చు. ఇరవై అయితే పుట్టుక 302. ముప్పై అయితే 312.

304 ఈ అంచుల లోపల చక్కగా ఇముడుతుంది. అందుకే తప్పని కొట్టిపారేయలేం. కానీ దాని చివర ఉన్న 4ను నమ్మడానికి ఏమీ లేదు. పైన చేసిన లెక్కలో మూడు సందులున్నాయి: అభిషేకానికి ఆరేడేళ్లు, తండ్రి అయ్యేనాటి వయసుకు పదేళ్లు, మహిందుడు నిజంగా కొడుకేనా అన్నది మూడోది. ఉత్తరాది బౌద్ధ కథల్లో కొన్నిచోట్ల అతను తమ్ముడు. తమ్ముడైతే ఈ మెట్టు మొత్తం కూలిపోతుంది. నన్నడిగితే "సుమారు క్రీ.పూ. 310 నుంచి 300 మధ్య కావచ్చు" అని రాస్తాను.

ఇక్కడ ఒక సరిచూపు తప్పకుండా చెయ్యాలి: చావునాటికి వయసు. 312లో పుట్టి 232లో పోతే ఎనభై. 302 అయితే డెబ్బై. రెండూ నమ్మదగ్గవే. ఎవరైనా 330 అంటే వందకు దగ్గర పడుతుంది, అప్పుడు ఎక్కడో గొలుసు తప్పిందని అర్థం.

పప్పులో కాలేసే చోట్లు

రెండే చెబుతాను, రెండూ నిజంగా జరిగినవి.

అశోకుడి చిన్న శిలాశాసనాల్లో కొన్నిటి చివర 256 అన్న అంకె ఉంది. బ్రహ్మగిరిలో ఉంది, రూపనాథ్‌లో ఉంది. ఒకప్పుడు పెద్ద పండితులే దీన్ని బుద్ధుడి నిర్వాణం నుంచి 256 ఏళ్లుగా చదివి, దాని మీద కాలక్రమం కట్టారు. బీహారులోని సహస్రాం ప్రతిలో మాత్రం అంకె పక్కన "లాతి" అన్న మాట ఉంది. మాగధ ప్రాకృతంలో ర స్థానంలో ల వస్తుంది కాబట్టి అది "రాతి", అంటే మన రాత్రే. ఇల్లు వదిలి 256 రాత్రులు పర్యటనలో ఉన్నప్పుడు చేసిన ప్రకటన అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే అర్థం. అంకె దొరకగానే అది ఏళ్లే అనుకోకూడదు. ఒకే శాసనానికి వేరే ఊళ్లలో ప్రతులుంటే అన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి.

రెండోది ఇంకా మెల్లగా కాలు జారే చోటు. సింహళ గ్రంథాలు నిర్వాణం తర్వాత 218 ఏళ్లకు అశోకుడి అభిషేకమంటాయి. సంప్రదాయం ప్రకారం నిర్వాణం 544. తీసివేస్తే 326. అది అలెగ్జాండర్ పంజాబులో ఉన్న ఏడాది, ఇంకా నందులే ఏలుతున్నారు. కుదరదు. అందుకని చాలామంది 268కి 218 కలిపి నిర్వాణాన్ని 486కి దించారు. బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ఎవరో వచ్చి, "నిర్వాణం 486, 218 ఏళ్లు తీస్తే 268, చూశారా అశోకుడి తేదీ రుజువైంది" అంటారు. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకుని ఆదాయమనుకోవడం అది. ఉత్తరాది బౌద్ధులు 218 బదులు వందేళ్లే అంటారు, అలా చూస్తే నిర్వాణం 368కి వస్తుంది. బుద్ధుడి తేదీ మీద ఇప్పటికీ ఇంత తగువు ఉంది కాబట్టి, అశోకుడి దగ్గర నుంచి బుద్ధుడి దగ్గరికి వెళ్లవచ్చు గానీ అటు నుంచి ఇటు రాకూడదు. ఏ తేదీ కనబడినా మొదట అడగాల్సింది, ఇది దేని మీద ఆనుకుని ఉందని.

ఇప్పుడు మీ కాగితంతో ఒక పరీక్ష

పైన మగాస్ చావును 250 అని రాసుకున్నాం, 258 అన్నవాళ్లూ ఉన్నారని పక్కన పెట్టాం. ఇప్పుడు ఆ గీత చివరను 258కి జరపండి. అంతియోకను రెండోవాడిగానే ఉంచండి. అయిదు గీతలూ కలిసే చోటు 261 నుంచి 258 దాకా మూడేళ్లకు కుంచించుకుపోతుంది. పదమూడు కలిపితే 274 నుంచి 271, కబురు ఆలస్యపు ఏడాది తీస్తే 270. కిటికీ చాలా సన్నబడింది, కానీ 268 దాని బయట పడింది. అప్పుడు మూడు దారులే ఉంటాయి: శాసనాన్ని పదమూడో ఏటిది కాదనాలి, లేదా సైరీన్ చావు కబురు గంగ ఒడ్డుకు చేరడానికి మూడు నాలుగేళ్లు పట్టిందనాలి, లేదా అభిషేకాన్ని 270కి జరపాలి. మూడోది ఎంచుకుంటే కళింగ యుద్ధం 262 అవుతుంది, మహిందుడి పుట్టుక 284 అవుతుంది, అశోకుడి పుట్టుక కూడా రెండేళ్లు వెనక్కి వెళ్తుంది. ఇదంతా లిబియా తీరంలో ఒక చిన్న రాజు ఏ ఏడు చనిపోయాడన్న దాని మీద.